అమ్మ అంగట్లో యాంగిల్ ర్యాక్: ఊగకుండా ఎలా బిగించాలి?

ఈరోజు కోడింగ్ లేదు, నట్టు బోల్టు ఎపిసోడ్.

కడప దగ్గర మా ఊర్లో మాయమ్మకు చిన్న కిరాణా అంగడి ఉంది. పోయిన ఏడాది సెలవులకు పోయినప్పుడు ఒక స్లాటెడ్ యాంగిల్ ర్యాక్ చేశా. అదే, వరసగా రంధ్రాలు ఉండే ఎల్ ఆకారం ఇనుప యాంగిల్. ఆరడుగులవి నాలుగు, మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న షీట్లు ఐదు. రెండు గంటల్లో బిగించేసి, ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టా. మూడో రోజు అమ్మ, "ఒరే నాయనా, ఇది ఊగుతాంది రా" అనింది. పై అరలో నూనె ప్యాకెట్ల పెట్టెలు. అమ్మ కూర్చునే స్టూలు సరిగ్గా దాని కిందే. చూసిన వెంటనే నాకు చెమటలు పట్టాయి. మొత్తం దింపేసినా.

ఎందుకు ఊగింది? బోల్టులు లూజా? కాదు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. అసలు విషయం ఏందంటే, మూలలో ఒక్క బోల్టు ఉంటే అది తలుపు బందు లాంటిది. ఎంత బిగించినా, పక్కనుంచి బరువుగా నెడితే దాని చుట్టూ తిరుగుతుంది. పైగా రంధ్రం బోల్టు కంటే పొడవుగా ఉంటుంది కాబట్టి కాస్త జారుతుంది కూడా. అట్లా నాలుగు మూలలూ కొంచెం కొంచెం తిరిగితే దీర్ఘచతురస్రం పక్కకు వాలిపోతుంది. త్రిభుజం అట్లా వాలదు. మూడు భుజాల పొడవు మారకపోతే దాని ఆకారం మారడానికి దారే లేదు. ఫస్టియర్ ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో ఇది పరీక్ష రాసి పాసయ్యా, ఇంటికొచ్చేసరికి మర్చిపోయా!

అందుకే రెండోసారి రెండు పనులు చేశా. ఒకటి, పై షీటుకూ కింది షీటుకూ ప్రతి మూలలో ట్రయాంగిల్ ప్లేటు. దాని ఒక అంచు షీటు మడతకు, ఇంకో అంచు నిలువు యాంగిల్‌కు వస్తాయి. మూలకు ఒక్క బోల్టు కాకుండా దూరం దూరంగా బోల్టులు పడతాయి కాబట్టి తిరగదు. రెండు, వెనక వైపు ఐమూలగా రెండు ఇనుప పట్టీలు, ఎక్స్ ఆకారంలో. ఒక్కటి చాలదా అంటే, పల్చని పట్టీ లాగితే ఆగుతుంది గానీ నొక్కితే వంగిపోతుంది. అందుకే అటొకటి, ఇటొకటి.

ఇప్పుడు బిగించే వరస చెప్తా, నేను తప్పు చేసింది ఇక్కడే. ముందు నాలుగు యాంగిల్స్ పక్కపక్కన పెట్టి కింది నుంచి రంధ్రాలు కలుస్తున్నాయా చూడండి. అంగట్లో కోసేటప్పుడు ఒకటి తలకిందులుగా కోసుంటే, రంధ్రాలు లెక్కపెట్టి బిగించినా షీటు ఒక పక్క కిందికి వస్తుంది. అప్పుడు దాన్ని తిప్పి చూడండి. తర్వాత అన్ని బోల్టులూ చేత్తో తిప్పినంతే. స్పానర్ ముట్టొద్దు. మొదటిసారి నేను ఒక్కో మూలా గట్టిగా బిగిస్తూ పోయా, వంకర అక్కడే లాక్ అయిపోయింది.

ర్యాక్‌ను దాని చోట్లోనే నిలబెట్టండి. మా అంగట్లో నేల కడప బండలు, ఒక బండ ఎత్తు, ఒక బండ పల్లం. ఒక మూల నొక్కితే ఎదురు మూల లేస్తే, లేచిన కాలి కింద ఇనుప రేకు ముక్క పెట్టండి. గుడ్డ, అట్ట పెడితే బరువుకు అణిగిపోతాయి.

ఇప్పుడు టేపు తీసి వెనక వైపు ఐమూలగా కొలవండి, రెండు పక్కలా. 72 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పుకు రెండూ ఎనభైన్నర అంగుళాలు రావాలి. మాకు ఫస్ట్ ఒకటి 81, ఇంకోటి 80 వచ్చింది. అంటే పైభాగం అంగుళం కంటే కాస్త ఎక్కువే పక్కకు వాలింది, కంటికి మాత్రం కనిపించలేదు! పొడవు ఎక్కువ వచ్చిన వైపు పై మూలను లోపలికి నెట్టి, రెండూ సమానం అయ్యాక వెనక పట్టీలు బిగించా. ఆ తర్వాతే మిగతా బోల్టులన్నీ స్పానర్‌తో. చివర్లో ఇంకోసారి కొలవండి, బిగించేటప్పుడు కదిలుంటుంది.

ఇంత చేసినా ముందుకు పడే భయం ఉంటుంది, ఎందుకంటే ఆరడుగుల ఎత్తుకు అడుగే లోతు. పై భాగాన్ని గోడకు కట్టాలి. మాది పాత రాతి గోడ, రాళ్ల మధ్య మట్టి. ఆ మట్టిలో స్క్రూ దిగుతుంది గానీ లాగితే ఊడొచ్చేస్తుంది, అందుకే రాయిలోనే డ్రిల్ చేశా. నూనె పెట్టెలు, బెల్లం, బియ్యం సంచులు కింది అరలకు మార్చినాం. పైన బిస్కెట్లు, సబ్బులే.

అమ్మ రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు. అయినా స్టూలు మాత్రం కొంచెం పక్కకు జరుపుకుంది.