ఆగిన స్వరం, దిగిన స్వరం

ఎవరి పేరున ఈ రోజు మనం కూడామో ఆ మాస్టారు, హార్మనీ నేర్పే మొదటి నెలలో నా నోట్‌బుక్ తీసుకుని, నేను స్వరాల మధ్య గీసిన కట్టు గీతలన్నీ రబ్బరుతో చెరిపేశారు. "ఇప్పుడు వాయించు" అన్నారు. వాయించాను. తప్పు బయటపడింది. ఆ రబ్బరు వెనక ఉన్న చరిత్రే నేటి ప్రసంగం.

మనకు తెలిసిన శంకరాభరణం మెట్లతోనే చెబుతాను. హార్మోనియం మీద మ, ద, స కలిపి నొక్కండి. తర్వాతి కార్డు ప, ని, రి. మొదటి దానిలోని 'స' మామూలుగా 'ని'కి దిగాలి. మిగతా వేళ్లు కదిలినా ఆ ఒక్క వేలిని కదపకుండా ఉంచండి. కింద 'ప', పైన 'స', వాటితో 'రి'. 'స' ఇప్పుడు ఆ కార్డుకు చెందదు. తాళం దెబ్బ మీద ఒరుసుకుంటూ ఉంటుంది. మరుసటి బీట్‌కు 'ని'కి దిగుతుంది. చెవి కుదుటపడుతుంది. ఇదే సస్పెన్షన్. మాస్టారు దీన్ని మూడు మాటల్లో చెప్పేవారు: సిద్ధం చేయి, నిలుపు, దించు. ఆ 'ని'ని ఇంకో గొంతు ముందే పాడేస్తుంటే మాత్రం ఫలితం చెడుతుంది. రావలసిన అతిథి అప్పటికే ఇంట్లో కూర్చున్నట్టుంటుంది.

ఈ మూడు మెట్ల క్రమం రాతకెక్కి ఐదు వందల ఏళ్లు దాటింది. నేపుల్స్ ఆస్థానంలో ఉన్న టింక్టోరిస్ 1477లో కౌంటర్‌పాయింట్ గ్రంథం రాశాడు. ఒరిపిడికి అందులో రెండే చోట్లు దొరికాయి: బలహీనమైన బీట్ మీద దాటిపోవడం, లేదా ముందు కలిసి ఉన్న స్వరం ఆగి, మళ్లీ కలిసే స్వరానికి దిగడం. మొదటిది దారినపోయే స్వరం, పాసింగ్ నోట్. రెండోది మన సస్పెన్షన్. 16వ శతాబ్దంలో పాలెస్ట్రీనా చర్చి సంగీతం నడిచిన బాట ఇదే.

1600లో వెనిస్‌లో అర్తూసి అనే పండితుడు ఒక పుస్తకం అచ్చువేసి, కొన్ని కొత్త మాడ్రిగల్స్‌లోని ముక్కలను కవిత లేకుండా, కర్త పేరు లేకుండా తప్పులుగా చూపించాడు. అవి మాంటెవెర్డివి. వాటిలో ఒక చోట కింద 'ప' నిలిచి ఉండగా, అంతవరకు మౌనంగా ఉన్న పై గొంతు హఠాత్తుగా 'ద' మీద అందుకుంటుంది. అక్కణ్నుంచి 'మ'కు దూకి, ఆ పిమ్మట 'గ'కు దిగుతుంది. సిద్ధం చేయడం లేదు! అర్తూసి కోపం అదే. కానీ ఆ చోట మాటలు "అయ్యో" అనే నిట్టూర్పు. మాట కోసమే స్వరం అలా నడిచిందని 1607లో మాంటెవెర్డి తమ్ముడు సమాధానం రాశాడు. ఇంతకీ మూడు మెట్లలో పోయింది మొదటిదే; దిగడం మిగిలే ఉంది.

1725లో వియన్నాలో ఫుక్స్, గురుశిష్యుల సంభాషణగా పాఠ్యపుస్తకం రాశాడు. సస్పెన్షన్‌కు ఆయన ఇచ్చిన కొలబద్ద ఇది: ఆగిన స్వరం కొత్త స్వరం కాదు, ఆలస్యమైన స్వరం. కట్టు తీసేసి చూస్తే, మిగిలింది సవ్యంగా ఉండాలి.

పరీక్షించి చూద్దాం. కింద గ, రి, స. పైన స, ని, ద. పైగొంతు ప్రతిసారి సగం బీట్ ఆలస్యంగా దిగిందనుకోండి: 'రి' మీద 'స' ఆగి 'ని'కి, 'స' మీద 'ని' ఆగి 'ద'కి. కట్లు తీస్తే రెండు గొంతులూ ఆరో మెట్టు దూరంలో జంటగా దిగుతాయి. ఏ తప్పూ లేదు. ఇప్పుడు కింద గ, రి, స. పైనా అవే గ, రి, స, ఇదీ ఆలస్యంగానే. వినడానికి ప్రతి దెబ్బకూ ఒరిపిడి ఉంది. కట్లు తీస్తే రెండు గొంతులు ప్రతిసారీ ఒకే స్వరాన్ని కలిసి పాడుతున్నాయి. రెండు గొంతులుగా వాటికి ఉనికే లేదు. నా నోట్‌బుక్‌లో దొరికిన తప్పు ఇదే. ఆలస్యం తప్పును దాచగలదు గానీ దిద్దలేదు.

1865లో మ్యూనిక్‌లో వాగ్నర్ "ట్రిస్టాన్" ప్రదర్శించారు. దాని మొదటి కార్డులోని ఒరిపిడి కదులుతుంది గానీ, చేరిన చోటూ ఇంకో ఒరిపిడే. మాంటెవెర్డి మొదటి మెట్టు వదిలితే, ఇక్కడ చివరి మెట్టు దూరం జరిగింది.

విద్యార్థులకు ఒక్క మాట. ఎంత అందంగా వినిపించినా, మీ సస్పెన్షన్ వరుసను ఎవరికైనా చూపే ముందు ఒకసారి రబ్బరు తీసుకుని కట్లు చెరిపి వాయించండి. మా మాస్టారు మాకు మిగిల్చి వెళ్లిన పరీక్ష అదొక్కటే.