చీటీలో ఒక లెక్క, పద్దులో ఒక లెక్క
(పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం పాలు పోసినప్పుడు మీ చేతికి ఒక చీటీ వస్తుంది. అందులో లీటర్లు, వెన్న శాతం ఉంటాయి. అదే లెక్క సంఘం రిజిస్టరులో కూడా ఎక్కుతుంది. చీటీలో ఆరు లీటర్లుండి రిజిస్టరులో నాలుగే ఉంటే మీరు ఊరుకోరు. మరి మీ పిల్లలు ఉద్యోగం చేసేచోట కూడా ఇలాంటి చీటీ ఒకటి, పద్దు ఒకటి ఉన్నాయి. జీతపు చీటీ వారి చేతిలో ఉంటుంది. ప్రావిడెంటు ఫండు పద్దు మాత్రం ఫండు కార్యాలయంలో ఉంటుంది. ఈ రెండింటినీ పోల్చి చూసేవారు బహు తక్కువ.

మన గ్రామ సంఘాల్లో ఉద్యోగులు ఇద్దరు ముగ్గురే కాబట్టి ఈ చట్టం సాధారణంగా మన దాకా రాదు. 20 మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. అయితే మన ఇళ్ళ నుంచి వెళ్ళి ప్రైవేటు డెయిరీల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలు ఎందరో ఉన్నారు. అందుకే ఈ సంగతి మీకు చెప్పదలిచాను.

ఒక సంఘ సభ్యుని కుమారుడు ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాడు. అతని జీతం నెలకు 14,000 రూపాయలు. జీతపు చీటీలో ఫండు కింద 1,680 రూపాయలు కోసినట్టు ఉంది. అది 14,000 మీద సరిగ్గా 12 శాతం. 2025 జూన్‌లో ఇల్లు కట్టుకోవడానికి ఫండు సొమ్ము కొంత తీసుకుందామని పాస్‌బుక్కు తెరిచి చూస్తే, జమ అయిన తన వాటా నెలకు 1,080 రూపాయలే. అంటే కంపెనీ అతని జీతం 9,000 అని చూపించింది. అంతేగాక ఏప్రిల్, మే నెలలకు అసలు జమే లేదు.

కుర్రవాడు కోపంతో ఒక ఉత్తరం రాసి ఇచ్చాడు. “నా పి.ఎఫ్. సరిగా కట్టడం లేదు, నాకు న్యాయం చేయాలి” అని రెండు వాక్యాలు. కంపెనీవారు “చూస్తాములే” అని నోటిమాటగా చెప్పి పంపించారు. తండ్రి ఆ ఉత్తరం నకలు పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. అందులో నెల లేదు, అంకె లేదు, గడువు లేదు. ఆడిట్‌లో మేము అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ తేదీన, ఎంత తేడా? అది లేని ఉత్తరానికి జవాబు చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగదు.

అందుచేత మొదట లెక్క కట్టాము. ఉద్యోగి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. యజమాని వాటాలో 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది, మిగిలినదే ఫండులో పడుతుంది. ఇది తెలియక, పాస్‌బుక్కులో యజమాని వాటా చిన్నదిగా కనిపించిందని పొరబడేవారు ఉన్నారు. 14,000 జీతానికి ఉద్యోగి వాటా 1,680, యజమాని నుంచి ఫండుకు 514, పింఛనుకు 1,166 రావాలి. మొత్తం 3,360. వచ్చినవి 1,080, 330, 750. మొత్తం 2,160. నెలకు లోటు 1,200 రూపాయలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు 12 నెలలకు లోటు 14,400. ఖాళీగా ఉన్న రెండు నెలలకు 6,720. కలిపితే 21,120 రూపాయలు. ఇందులో సగం, అంటే 10,560 రూపాయలు, కుర్రవాని జీతంలోంచి కోసి కట్టకుండా ఉంచుకున్న సొమ్ము.

లోటు అంతటితో ఆగదు. పింఛను లెక్కకు చివరి 60 నెలల జీతం సగటు తీసుకొని, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి, 70తో భాగిస్తారు. ఈ తప్పుడు జీతమే కొనసాగి 14 ఏళ్ళ సర్వీసుకు పింఛను కట్టారనుకోండి. 9,000 మీద నెలకు 1,800 వస్తుంది. 14,000 మీద 2,800 రావాలి. ముసలితనంలో నెలనెలా వెయ్యి రూపాయలు తగ్గిపోతాయి.

ఆ మీదట రెండో ఉత్తరం రాయించాము. అది ఇలా ఉంది:

“మేనేజరు గారికి,
నేను మీ సంస్థలో పనిచేయుచున్నాను. నా యు.ఏ.ఎన్. నంబరు పైన రాశాను. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు నా జీతం 14,000 రూపాయలు కాగా, ఫండు రిటర్నులలో 9,000గా చూపబడినది. జీతపు చీటీల ప్రకారం నెలకు 1,680 కోయగా 1,080 మాత్రమే నా ఖాతాకు జమ అయినది. 2025 ఏప్రిల్, మే నెలలకు కోత జరిగినా జమ లేదు. నెలవారీ పట్టిక, జీతపు చీటీల నకళ్ళు, పాస్‌బుక్కు నకలు జతపరిచాను. పై నెలలకు సరిచేసిన రిటర్నులు దాఖలు చేసి, ఉభయ వాటాలు, పింఛను భాగంతో సహా 15 రోజులలో జమచేసి, చలాను వివరం నాకు లిఖితపూర్వకంగా తెలుపగోరుచున్నాను.”

ఇందులో కోపం లేదు, బెదిరింపు లేదు. ఉత్తరం ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాడు. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు, ముద్రకు ఉంటుంది.

పది రోజుల్లో ఏప్రిల్, మే సొమ్ము జమ అయింది. జీతం తగ్గించి చూపిన సంగతికి మాత్రం మేనేజరు ఇంకో దారి చెప్పాడు. “మీ వాటా తేడా రాబోయే జీతాల్లో కోసి కడతాం” అన్నాడు. దానికి ఒప్పుకోవద్దన్నాను. ఆ సొమ్ము ఒకసారి కోసేశారు, చీటీలే సాక్ష్యం. ఒకవేళ అప్పుడు కోయకపోయినా, ఒక నెల వాటాను ఆ నెల జీతంలోంచే కోయాలి గాని, తర్వాతి జీతాల్లోంచి యజమాని తన ఇష్టాన కోయకూడదన్నది ఫండు పథకం నియమం. గడువు దాటాక అదే ఉత్తరం, అవే జతపత్రాలు ప్రాంతీయ ఫండు కార్యాలయానికి ఫిర్యాదుగా పంపాడు. వారు కంపెనీ జీతాల రిజిస్టరు అడిగారు. తర్వాత మిగిలిన 14,400 కూడా జమ పడింది.

ప్రతి తేడా మోసం కాదని కూడా చెప్పాలి. నెల చందా కట్టడానికి తర్వాతి నెల 15వ తేదీ వరకు గడువుంది. కాబట్టి కిందటి నెల జమ ఇంకా కనబడకపోతే కొన్నాళ్ళు ఆగండి. జీతం 22,000 ఉన్నా 15,000 మీదనే చందా కట్టే వీలు యజమానికి ఉంది. 2014 సెప్టెంబరు నుంచి ఆ పరిమితి నడుస్తున్నది. అలాగే చీటీలోనే మూలవేతనం 9,000, మిగిలినది అలవెన్సులు అని రాసి 1,080 మాత్రమే కోసి ఉంటే అది వేరే వివాదం. ఉద్యోగులందరికీ ఒకే రీతిగా ఇచ్చే అలవెన్సు కూడా చందా లెక్కలోకి వస్తుందని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పుడు ఉత్తరంలో ఆ మాట ఎత్తి అడగాలి. మన కుర్రవాని విషయంలో ఆ వాదనకే చోటు లేకపోయింది. 14,000 మీద కోసినది కంపెనీయే.

చివరగా ఒక హెచ్చరిక. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం, వివాదం పుట్టిన ఐదేళ్ళ తరువాత బకాయి నిర్ణయించే విచారణ కొత్తగా మొదలుపెట్టరాదు. ఉద్యోగం మానేటప్పుడు చూసుకుందాములే అనుకుంటే పాత నెలలు చేజారిపోతాయి. పాస్‌బుక్కును ఫోనులో ఉమంగ్ యాప్ ద్వారా చూసుకోవచ్చు. ఇంటికి వెళ్ళాక మీ పిల్లలను జీతపు చీటీ ఒకటి, అదే నెల పాస్‌బుక్కు పుట ఒకటి పక్కపక్కన పెట్టి చూడమనండి. చీటీలన్నీ ఒక కవరులో దాచమనండి. తేడా కనిపిస్తే ఆ నెలలోనే ఉత్తరం రాయాలి.