ఊరి హద్దు ఊరే చెప్పాలి: హ్యాకథాన్ ప్రారంభ సభలో చెప్పిన మాటలు

ఉట్నూరు, జైనూరు, నార్నూరు వైపు నుంచి బస్సులెక్కి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, హైదరాబాద్ నుంచి లాప్‌టాప్‌లు మోసుకొచ్చిన మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, అటవీ హక్కుల కమిటీ అక్కలకు, బాపులకు జోహార్.

హ్యాకథాన్ అనే మాట పెద్దలకు కొత్త. ఒక సమస్యను ముందు పెట్టుకుని, నలుగురైదుగురు జట్టుగా కూర్చుని, గడువులోపల దానికి పనిచేసే పరికరం తయారు చేయడమే హ్యాకథాన్. మన గడువు 36 గంటలు. ఈ ఉదయం తొమ్మిదికి మొదలై రేపు రాత్రి తొమ్మిదికి ముగుస్తుంది.

ఈసారి మన అంశం ఒక్కటే. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి క్లెయిమ్ పెట్టే మనిషి తన హద్దును, తన రుజువులను, తన తేదీలను తన చేతిలోనే ఉంచుకోవడానికి పనికొచ్చే ఫోన్ యాప్.

భూమి కొలిచే యాప్‌లు బోలెడున్నాయి కదా, మళ్లీ ఎందుకని మీరు అడగొచ్చు. పోటీ కోసం మేం రాసుకున్న ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక అక్కకు రెండెకరాల చేను ఉందనుకోండి. చేను నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క దాదాపు 90 మీటర్లు. చుట్టూ ముళ్లకంచె. ఫోన్ పట్టుకుని హద్దు వెంట నడవమంటే ఆమె కంచె మీద నడవలేదు, మూడు మీటర్లు లోపలికి జరిగి నడుస్తుంది. అప్పుడు ఫోన్ కొలిచేది 84 మీటర్ల పక్క ఉన్న చేనును. అది ఎకరం 30 గుంటలు. అంటే జీపీఎస్ ఒక్క తప్పు కూడా చేయకముందే ఆ అక్క పది గుంటలు, పావు ఎకరం పోగొట్టుకుంది. ఆ అంకె పట్టాలోకి ఎక్కితే తర్వాత దాన్ని సరిచేయించడానికి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మీలో చాలామందికి తెలుసు.

దీని మీద ఫోన్ తప్పు కూడా చేరుతుంది. బయలు ప్రదేశంలోనే మామూలు ఫోన్ ఐదు మీటర్ల వరకు అటూ ఇటూ చూపుతుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. చేను మొత్తాన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిపి చూపిస్తే విస్తీర్ణం మారదు. ఒక మూల ఇటు, ఇంకో మూల అటు జరిగితేనే మారుతుంది. అందుకే నడక కంటే మూలలు ముఖ్యం. ప్రతి మూలలో, కంచె దగ్గరే, రెండు నిమిషాలు నిలబడి చాలా రీడింగులు తీసుకుని వాటి సగటు వాడండి. ఫోన్ తనకు తానే చెప్పే తేడా పది మీటర్లు దాటితే యాప్ ఆ మూలను ఒప్పుకోకూడదు, "ఇంకాసేపు ఆగండి" అనాలి. హద్దును రెండుసార్లు తీసి రెండు విస్తీర్ణాలూ పక్కపక్కన చూపించాలి. రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే కొలత ఇంకా కుదరలేదని చదువు రాని మనిషికి కూడా అర్థమవుతుంది.

ఇక రుజువుల సంగతి. పటం ఎంత బాగున్నా అది క్లెయిమ్ కాదు. ఆదివాసీ కుటుంబం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే ఆ భూమిని సాగు చేసుకుంటున్నట్టు చూపాలి. నిబంధనలు అడిగేది ఒకటి కంటే ఎక్కువ రకాల రుజువులు. ఇల్లు, గట్టు, బావి లాంటివి పనికొస్తాయి. క్లెయిమ్ పెట్టిన మనిషి కాకుండా ఊరి పెద్దలు చెప్పిన మాట కూడా రుజువే, అయితే దాన్ని రాతలో పెట్టాలి. కాబట్టి పెద్దాయన గోండిలోనో కొలామీలోనో చెప్పింది రికార్డు చేసి వదిలేస్తే పని సగమే అయినట్టు. దాన్ని రాసి, ఆయనకు చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకునే దాకా యాప్ దారి చూపాలి.

ఉపగ్రహ చిత్రం పెట్టేస్తే సరిపోదా అని కొన్ని జట్లు ఇప్పటికే అడిగాయి. సరిపోదు. బీడు పెట్టిన ఏడాది తీసిన చిత్రంలో చేను పొదలా కనిపిస్తుంది. చేనులో ఇప్పచెట్లు ఉంచుకుంటే పైనుంచి అడవిలా కనిపిస్తుంది. 2012లో సవరించిన నిబంధనలు కూడా ఉపగ్రహ చిత్రం మిగతా రుజువులకు తోడు మాత్రమేనని, వాటికి బదులు కాదని చెబుతున్నాయి. అందుకని చిత్రాన్ని చూసి "ఇది చేను కాదు" అని తీర్పు చెప్పే యాప్‌కు ఇక్కడ చోటు లేదు. తేల్చాల్సింది గ్రామసభ.

మూడోది తేదీలు. క్లెయిమ్‌ను తిరస్కరించినా, విస్తీర్ణం తగ్గించినా ఆ సంగతి క్లెయిమ్ పెట్టిన మనిషికి స్వయంగా తెలియజేయాలి, కారణాలు చెప్పాలి. తెలియజేసిన తర్వాత పై కమిటీకి వెళ్లడానికి 60 రోజులు ఉంటాయి. కాగితం ఏ రోజు చేతికొచ్చిందో రాసి పెట్టుకోకపోతే ఆ 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పలేం. కాగితం ఫొటో, అందిన తేదీ, మిగిలిన రోజులు, ఈ మూడూ ఒకే తెరపై కనపడాలి.

ఇప్పుడు నియమాలు.

ఒకటి, జట్టులో నలుగురి నుంచి ఐదుగురు. అందులో కనీసం ఇద్దరు ఆదివాసీ గూడేల నుంచి రావాలి. కోడ్ రాయడం వాళ్లకు రాకపోయినా పర్వాలేదు.

రెండు, నిజమైన మనుషుల పేర్లు, ఆధార్ నంబర్లు, చేను హద్దులు ఈ హాల్లో ఎవరూ వాడకూడదు. మేమిచ్చే కల్పిత వివరాలతోనే పని చేయాలి. ఎవరి చేను ఎక్కడుందో చెప్పే పటం పరాయి చేతుల్లో పడితే ఆ కుటుంబానికి ఏమవుతుందో ఆలోచించండి.

మూడు, రేపు రాత్రి మీ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చూపించాలి. సిగ్నల్ లేకుండా నడవని యాప్ గూడెంలో నడవదు.

నాలుగు, పెళ్లయిన వాళ్లకు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేర్ల మీద రావాలని చట్టమే చెబుతోంది. ఒక్క పేరుకే గడి పెట్టిన యాప్ మొదటి వడపోతలోనే పోతుంది.

ఐదు, కోడ్ అందరికీ తెరిచి ఉంచాలి. గెలిచినదాన్నీ ఓడినదాన్నీ ఏ ఊరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

మెంటార్లు నాలుగు రకాల వాళ్లున్నారు. అటవీ హక్కుల కమిటీ అక్కలు క్లెయిమ్ కాగితం ఎక్కడ ఆగిపోతుందో చెబుతారు. సర్వేయర్ అన్న మధ్యాహ్నం మైదానంలో గొలుసుతో ఒక ముక్క కొలిచి చూపిస్తారు, అదే ముక్కను మీరు ఫోన్‌తో కొలిచి పోల్చుకోవాలి. న్యాయవాదులు నిబంధనల మాట చూస్తారు. ప్రోగ్రామర్లు మీ కోడ్ ఎక్కడ చిక్కుకుందో వెతకడంలో సాయం చేస్తారు, మీ బదులు రాయరు. ఒక మాట గుర్తుంచుకోండి. ప్రోగ్రామర్ దగ్గరికి వెళ్లే ముందు కమిటీ అక్కల దగ్గర అరగంట కూర్చోండి. ఏ బటన్ అక్కర్లేదో వాళ్లే చెబుతారు.

మార్కులు వేసేటప్పుడు తెర అందం చివర చూస్తాం. ఈ యాప్‌ను ఎప్పుడూ చూడని ఒక పెద్దమ్మకు ఫోన్ ఇచ్చి మీరు పక్కకు జరగాలి. మైదానంలోని ముక్క నాలుగు మూలలూ ఆమె తనంతట తాను తీయగలిగితే సగం మార్కులు మీవే. మధ్యలో మీరు వెళ్లి ఆమె వేలు పట్టుకుని నొక్కిస్తే అవి పోయినట్టే.

పక్క జట్టుకు సర్వేయర్ అన్న చెప్పిన కిటుకు మీకు తెలిస్తే మూడో జట్టుకూ చెప్పండి. గూడెంలో ఒక చేను హద్దు తేలాలంటే పక్క చేను వాళ్లు కూడా గట్టు మీదికి రావాలి కదా, ఇక్కడా అంతే. గడియారం మొదలైంది, మీ బల్లల దగ్గరికి వెళ్లండి. జోహార్.