త్రైరాశికానికి అందని తేదీ



కిందటేడు జనవరి 1న నా బరువు 90 కిలోలు. మోకాళ్ల నొప్పులకు 78కి దిగమన్నారు డాక్టరుగారు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. రోజుకు 500 తగ్గించి తింటే 12 కిలోలకు 185 రోజులు. బడిలో నేర్చిన త్రైరాశికమే! క్యాలెండరులో జులై 5 చుట్టూ సున్నా చుట్టాను.

ఆ రోజు తూకం దాదాపు 81 చూపింది. దొంగతిండి తిన్నానని ఇంట్లో అనుమానం. తప్పు తిండిది కాదు, నా లెక్కది.

ఒళ్లు తేలికయ్యే కొద్దీ దానికి కావలసిన శక్తీ తగ్గుతుంది. తగ్గిన ప్రతి కిలోకూ రోజుకు సుమారు 22 క్యాలరీలు. నేను తినేది మారలేదు, కాబట్టి లోటే చిక్కిపోతూ వచ్చింది. లెక్క ప్రకారం మొదటి నెలలో 1.9 కిలోలు తగ్గితే, నెలాఖరుకు లోటు 460కి పడిపోతుంది. రెండో నెల తగ్గేది 1.7 కిలోలే. ఇలా రోజురోజుకూ లోటును సవరిస్తూ పోతే 78 చేరేది సుమారు 263వ రోజున, అంటే సెప్టెంబరు 21న.

అదే తిండితో 25 కిలోలు తగ్గాలంటే అసలు తేదీయే లేదు. 500ను 22తో భాగించండి: 23 కిలోల లోపే లోటు సున్నా అవుతుంది. అక్కడ తిండి ఇంకా తగ్గించాలి, లేదా నడక పెంచాలి.

ఒక మాట. తొలి పదిహేను రోజుల్లో పోయేదాంట్లో నీరే ఎక్కువ. ఆ వేగం చూసి తేదీ వేయకండి. తర్వాతి వారాల సగటు బరువులతో వేయండి.

నేను 78 చూసింది సెప్టెంబరు ఆఖరి వారంలో.