బ్యూటీ పార్లరు పెట్టాలంటే ఏ కాగితం కావాలి, ఏ కాగితం అక్కర్లేదు
(సమాఖ్య వార్షిక మహాసభలో ఖానాపురం హవేలి సభ్యురాలు ఒకరు చేసిన ప్రసంగం)

నేను పదకొండేళ్లుగా మన ఖానాపురం హవేలిలో చిన్న పార్లరు నడుపుతున్నాను. ఈ సంవత్సరం మన సంఘాల్లో చాలామంది లోను దేనికి అంటే పార్లరుకే అంటున్నారు, అందుకని నన్ను మాట్లాడమన్నారు. నాకు మైకులో మాట్లాడే అలవాటు లేదు, తప్పులుంటే ఏమనుకోకండి.

ముందుగా మా సంఘంలో ఒక చెల్లెలి సంగతి చెప్తాను. పేరు చెప్పను, తను ఇక్కడే కూర్చుని నవ్వుతోంది. సంఘం నుంచి అప్పు తీసుకుని, అందులో పద్దెనిమిది వేలు ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌కి కట్టింది. నెలన్నర నేర్పారు, చివర్లో బంగారు రంగు అంచున్న పెద్ద సర్టిఫికెట్ ఇచ్చి, "ఇదే మీకు గవర్నమెంటు లైసెన్సు, ఇది గోడకి తగిలిస్తే ఎవరూ ఏమీ అనరు" అన్నారు. తను అట్లాగే ఫ్రేము కట్టించి తగిలించింది. ఆరు నెలలకి బ్యాంకులో ముద్రా లోనుకి వెళ్తే, మేనేజరు ఆ ఫ్రేము ఫొటో చూసి పక్కన పెట్టి, "ట్రేడ్ లైసెన్సు ఏదమ్మా?" అన్నాడట. అప్పుడు నా దగ్గరికి వచ్చింది.

అసలు మాట ఏందంటే, మన రాష్ట్రంలో బ్యూటీషియన్ లైసెన్సు అని ఒకటి లేదు. డాక్టర్లకి, లాయర్లకి ఉన్నట్టు మనకి ఏ బోర్డూ లేదు. అమెరికాలో ఉంటుంది, అక్కడ ప్రతి రాష్ట్రానికీ ఒక రూలు. మనవాళ్ల పిల్లలు చాలామంది ఉండే టెక్సాస్‌లో అయితే, కేవలం దారంతో కనుబొమ్మలు చేసేవాళ్లు కూడా 750 గంటల కోర్సు చదవాలన్నారు. ఆ గంటల్లో దారం గురించి చెప్పేది కూడా పెద్దగా లేదు. థ్రెడింగ్ చేసే మనవాళ్లు కొందరు కోర్టుకి వెళ్లారు. 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదని కొట్టేసింది. మన దగ్గర ఆ బాధ లేదు. బాధ లేదు కాబట్టే, లేని లైసెన్సుని అమ్మేవాళ్లు తయారయ్యారు.

అట్లాగని సర్టిఫికెట్ దండగ అనట్లేదు. అది మన చేతి పనికి సాక్ష్యం. సర్కారు లెక్కలో నిలిచేవి కొన్ని ఉన్నాయి. పదో తరగతి పాసైన అమ్మాయి అయితే ఐటీఐలో కాస్మెటాలజీ ట్రేడ్ ఏడాది చదవచ్చు. అది గట్టి కాగితం. అంత టైము లేనివాళ్లకి బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ల అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్, ఆ పైది బ్యూటీ థెరపిస్ట్ కోర్సులు ఉన్నాయి. ఊళ్లలో ఉండే చెల్లెళ్లకి బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలో పార్లరు శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా వాళ్లదే. నాలాగా కోర్సు చదవకుండా పని పట్టుకుని నేర్చుకున్నవాళ్లకి ఇంకో దారి ఉంది, దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. మనకి వచ్చిన పనిని పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తారు. డబ్బు కట్టే ముందు ఇన్‌స్టిట్యూట్ వాళ్లని ఒకటే అడగండి: "ఈ సర్టిఫికెట్ ఏ కౌన్సిల్ ఇస్తుంది, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుందా, నా ఫోన్‌లో చూపించండి." సమాధానం తిన్నగా రాకపోతే లేచి రండి.

ఇక షాపు తెరవడానికి నిజంగా కావలసిన కాగితం ట్రేడ్ లైసెన్సు. అది మనిషికి కాదు, షాపుకి ఇస్తారు. మన ఖానాపురం హవేలి ఇప్పుడు ఖమ్మం కార్పొరేషన్‌లో ఉంది కాబట్టి కార్పొరేషన్ ఇస్తుంది. అటు కొత్తగూడెం, భద్రాచలం వైపు ఊళ్లలో ఉన్నవాళ్లకి గ్రామ పంచాయతీ ఇస్తుంది, కార్యదర్శిని అడగాలి. ఆధారు, ఇంటి పన్ను రసీదు, అద్దె షాపైతే అద్దె ఒప్పందం, ఫొటో తీసుకెళ్లాలి. ఫీజు షాపు ఎన్ని చదరపు అడుగులు, ఎదురుగా రోడ్డు ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి ఉంటుంది, అందుకని మా సందులో షాపుకీ మెయిన్ రోడ్డు షాపుకీ ఒకటే రాదు. రసీదు లేకుండా ఎవరి చేతిలోనూ పైసా పెట్టకండి. ఆ లైసెన్సు మార్చి 31 దాకానే. మా చెల్లెలు ఫిబ్రవరిలో తీసుకుంది, నెల తిరిగేసరికి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఏప్రిల్‌లో తెరిస్తే ఏడాదంతా వాడుకోవచ్చు కదా!

దాని తర్వాత షాపు తెరిచిన ముప్ఫై రోజుల్లోపు లేబరు ఆఫీసులో షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధారు నంబరుతో ఫోన్‌లోనే అవుతుంది, పైసా ఖర్చు లేదు. దానికి వెయ్యి రూపాయలు తీసుకునేవాళ్లు ఉన్నారు, ఇవ్వకండి. ఏడాదికి ఇరవై లక్షల లోపు వచ్చేవాళ్లకి జీఎస్టీ గొడవ లేదు. మనలో ఎవరికైనా అంత వస్తే నాకు కూడా చెప్పండి.

ఇప్పుడు అసలు భయపడే సంగతి, తనిఖీ. మా చెల్లెలి షాపుకి శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చినరోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన సర్టిఫికెట్ వైపు చూడనే లేదు. తిన్నగా డ్రాయరు తెరవమన్నాడు. లోపల రేజరు ఉంది, దానికి బ్లేడు పెట్టే ఉంది. "ఇది ఎవరికి వాడినది?" అని అడిగాడు. తను మాట్లాడలేదు. రేజరుకి బ్లేడు పెట్టి ఉందంటేనే అది వాడినదని అర్థం, ఎందుకంటే కొత్త బ్లేడు కస్టమరు కూర్చున్నాక, ఆమె కళ్లముందు కాగితం విప్పి పెట్టాలి. పని అయ్యాక ఆమె ముందే తీసేయాలి. బ్లేడు మీద కంటికి కనపడనంత రక్తం చాలు హెపటైటిస్ బి పాకడానికి. ఆ క్రిమి ఎండిన రక్తంలో కూడా వారం రోజులు బతికి ఉంటుంది.

తర్వాత వాడిన బ్లేడ్లు ఎక్కడ వేస్తున్నారని అడిగాడు. చెత్త బుట్టలో. ఇది విన్నాక నాకు నిజంగా సిగ్గేసింది. మన చెత్త బండి మీద పనిచేసే ఆడవాళ్లలో ఇద్దరు మన సమాఖ్య సభ్యులే, వాళ్లు చేత్తోనే వేరు చేస్తారు. మందపాటి ప్లాస్టిక్ సీసాకి మూతలో సన్నని గంటు పెట్టి, బ్లేడ్లు దాంట్లో వేసి, ముప్పావు వంతు నిండాక టేపు చుట్టి, పైన "బ్లేడ్లు" అని రాసి విడిగా ఇవ్వాలి.

మైనం గిన్నె చూశాడు. ఒకే గరిటె, కాలికి రాసి మళ్లీ గిన్నెలో ముంచడం. వెంట్రుకలు తేలుతుంటే వడకట్టి మళ్లీ వాడటం. మైనం వేడికి క్రిములు చస్తాయని చాలామంది అనుకుంటారు. చర్మం కాలకుండా తట్టుకునే వేడికి క్రిములు చావవు. ఒక్కొక్కరికి సరిపడా చిన్న గిన్నెలోకి తీసుకోవాలి, మిగిలింది పారేయాలి. నష్టం అనిపిస్తుంది, కానీ అది అయిదారు రూపాయల సరుకు.

థ్రెడింగ్ దారం నోట్లో పట్టుకునే అలవాటు నాక్కూడా ఉండేది. ఎంగిలి దారం కంటి పక్కన తెగిన చర్మానికి తగులుతుంది. మెడకి కట్టుకుని చేయడం నేర్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది, మొదట్లో కనుబొమ్మలు వంకర కూడా వచ్చాయి. మా వదినే ముందు కూర్చుంది పాపం.

పనిముట్లు శుభ్రం చేయడంలో వరస తప్పితే చేసిందంతా వృథా. ముందు సబ్బునీళ్లతో బ్రష్షు పెట్టి తోమాలి. జిడ్డు, చర్మం పొట్టు ఉండగా మందు లోపలికి పోదు. ప్లక్కరు, కత్తెర, బ్లాక్‌హెడ్ తీసే పుల్ల లాంటి ఇనుప, స్టీలు వస్తువులు నీళ్లు మరగడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు ఉడికించాలి. తుడిచి ఆరబెట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాలి. దువ్వెనలు, ప్లాస్టిక్ గిన్నెలు ఉడకబెడితే వంకర పోతాయి, వాటికి హైపోక్లోరైట్ నీళ్లు. సీసా మీద 5 శాతం అని ఉంటే ఒక గ్లాసు మందుకి నాలుగు గ్లాసుల నీళ్లు, అరగంట నానబెట్టి మంచినీళ్లతో కడగాలి. ఆ నీళ్లు ఏ రోజుకారోజు కలపాలి, నిన్నటివి పనిచేయవు. ఇనుము దాంట్లో వేస్తే తుప్పు పడుతుంది. నీలం లైటు వెలిగే డబ్బా కొనమని సేల్స్ వాళ్లు వస్తారు. ఆ లైటు తగిలిన వైపే పనిచేస్తుంది, కింది వైపు, కత్తెర సందుల్లో తగలదు. కడిగినవి పెట్టుకోవడానికి తప్ప కడగడానికి బదులు కాదు.

ఆయన వారం గడువు ఇచ్చి వెళ్లాడు. మేం అయిదు రోజుల్లో సరిచేశాం. మొత్తం ఖర్చు పన్నెండు వందలు దాటలేదు. అందులో సగం కొత్త టవళ్లకే, మనిషికొక ఉతికిన టవలు ఉండాలి కాబట్టి.

ఇంకొకటి, జుట్టు రంగు. డబ్బా మీద ముందుగా పరీక్ష చేయమని రాసే ఉంటుంది, మనం చదవం. చెవి వెనక కొద్దిగా రాసి 48 గంటలు చూడాలి. పెళ్లి రేపనగా వచ్చి రంగు వెయ్యమంటే నేను వెయ్యను. పోయినేడు ఒకామె అలిగి వేరే చోటికి పోయింది, పోనీ. కనుబొమ్మలకీ కనురెప్పలకీ ఆ రంగు అసలు వాడకూడదు, చూపు పోయే ప్రమాదం ఉంది. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని తెల్లబడే క్రీములు షాపులో ఉంచుకోకండి, వాటిలో పాదరసమో, స్టెరాయిడో ఉండే అవకాశం ఎక్కువ. ఇంజెక్షన్లు, లేజర్లు డాక్టర్ల పని, మన పని కాదు.

ఇందాక వెనక వరసలో అక్క ఒకరు అడిగారు, "బోర్డు పెట్టకుండా ఇంటి ముందు గదిలోనే చేసుకుంటే ఇవన్నీ ఎందుకు?" అని. బోర్డు లేకపోయినా డబ్బు తీసుకుంటే అది వ్యాపారమే అక్కా. పైగా కరెంటు సంగతి ఉంది. ఇంటి మీటరు మీద పార్లరు నడిపితే కరెంటు వాళ్లు పాత నెలలకి కూడా లెక్క కట్టి జరిమానా వేస్తారు. ముందే ఎన్‌పీడీసీఎల్ ఆఫీసులో కమర్షియల్ మీటరుకి రాయండి. దరఖాస్తు ఎలా రాయాలో సభ అయ్యాక చూపిస్తాను, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు తెచ్చుకున్నవాళ్లు టీ తాగి నా దగ్గరికి రండి.