వెళ్ళిన అర్థం తిరిగి వచ్చిందా?



తమిళనాట, కన్నడసీమలో, ఒడిశాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంటిభాష ఒకటి, వీధిభాష ఒకటి, కాగితపు భాష మరొకటి. ఇంటి పెద్దకు తెలుగు చదవడం వచ్చు. వీధిలోని భాష వినగా అర్థమవుతుంది. ఆస్పత్రి నుండి వచ్చే చీటీ మాత్రం తరచుగా ఆంగ్లంలో ఉంటుంది. ఈ ఇబ్బందికి నేడు చేతిఫోను ఒక దారి చూపుతున్నది. 2011లో గూగుల్ అనువాద సేవలో తెలుగు చేరింది. ఆపై కాగితానికి ఫొటో తీస్తే అందలి అక్షరాలను గుర్తించి తెలుగులో చూపే సౌకర్యమూ వచ్చింది. అయితే ఆ తెలుగు ఎంత నునుపుగా ఉన్నా, మూలంలోని అర్థమే అందులో ఉన్నదని ఎట్లా తెలుసుకోవాలి? నేటి ప్రసంగ విషయం ఇదే.

పరిశోధకులు దీనికి చాలాకాలంగా ఒక పద్ధతిని వాడుతున్నారు. దానిని తిరుగు అనువాదం అనవచ్చు. ఒకరు మూలాన్ని రెండవ భాషలోనికి మారుస్తారు. మూలాన్ని చూడని మరొకరు ఆ అనువాదాన్ని మళ్ళీ మొదటి భాషలోనికి తెస్తారు. తరువాత రెండు మొదటిభాషా పాఠాలను పక్కపక్కన పెట్టి పోలుస్తారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ప్రకటించిన వ్యాసంతో ఈ పద్ధతి బాగా ప్రచారంలోనికి వచ్చింది. ఫోను అనువాదానికి కూడా ఇది వర్తిస్తుంది. కాని ఇందులో ఒక మెట్టు అదనంగా ఉన్నది. ఫోను ముందుగా బొమ్మలోని అక్షరాలను చదవాలి. ఆ తరువాతనే అనువదించాలి. కనుక అర్థం జారిపోయే చోట్లు ఒకటి కాదు, రెండు.

ఒక ఉదాహరణను ఊహించుకొంటే విషయం తేటపడుతుంది. ఒక బామ్మగారి మనుమడికి జబ్బు చేసింది. ఆస్పత్రివారు ఇచ్చిన ఆంగ్ల చీటీలో మూడు సూచనలు ఉన్నాయి. మొదటిది, ఒక మాత్ర ‘ఎవ్రీ అదర్ డే’ ఇవ్వాలని. రెండవది, ద్రవౌషధం 2.5 మిల్లీలీటర్లు రోజుకు రెండుసార్లు ఇవ్వాలని. మూడవది, ‘అన్‌లెస్’ అనే మాటతో మొదలై, డాక్టరు చెబితే తప్ప మందు ఆపవద్దని. చీటీని ఫొటో తీయగా తెలుగు వచ్చింది. దానిని మనుమరాలు మళ్ళీ ఆంగ్లంలోనికి మార్చి చూసింది.

మూడవ సూచన తెలుగులో ‘డాక్టరు చెబితే ఈ మందు ఆపవద్దు’ అని వచ్చింది. ‘తప్ప’ అన్న చిన్నమాట జారిపోవడంతో అర్థం తలక్రిందులైంది. తిరిగి ఆంగ్లంలోనికి మార్చినప్పుడు ‘అన్‌లెస్’ స్థానంలో ‘ఇఫ్’ కనబడింది. రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టిన వెంటనే తేడా బయటపడింది. తిరుగు అనువాదానికి సులభంగా చిక్కే తప్పు ఇదే రకం. లేదు, వద్దు వంటి నిషేధాలు, అయితే, తప్ప వంటి షరతులు, ముందు, తరువాత వంటి కాలసూచనలు, ఎవరు ఎవరికి చేయాలన్నది - పోల్చేటప్పుడు మొదట చూడవలసినవి ఇవి. ఇట్టి తప్పు కనబడితే మూల వాక్యాన్ని రెండు సరళ వాక్యాలుగా విడగొట్టి మళ్ళీ అనువదించాలి. ‘సొంతంగా మందు ఆపవద్దు. డాక్టరు చెప్పినప్పుడు మాత్రమే ఆపాలి’ అన్న భావాన్ని ఆంగ్లంలో విడివిడిగా వ్రాసి ఇస్తే, యంత్రం తడబడే అవకాశం తగ్గుతుంది.

రెండవ సూచన వేరే రకం. కాగితం మడత మీద దశాంశ బిందువు పడడంతో ఫోను 2.5ను 25గా చదివింది. తెలుగులో 25 వచ్చింది. తిరుగు ఆంగ్లంలోనూ 25 వచ్చింది. ఫోను పైకి తీసిన ఆంగ్ల పాఠంతో పోలిస్తే రెండూ చక్కగా సరిపోయాయి. మోతాదు మాత్రం పదింతలైంది! అక్షరాలు చదవడంలో జరిగిన పొరపాటును తిరుగు అనువాదం ఎన్నడూ పట్టలేదు. ఆ పొరపాటునే మూలంగా భావించి అది ప్రయాణం మొదలుపెడుతుంది. కాబట్టి పోల్చవలసినది ఫోను తీసిన పాఠంతో కాదు, చేతిలోని కాగితంతో. అంకెలు, బిందువులు, తేదీలు, కొలతలు ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూసుకోవాలి. తమిళ చీటీలయితే సుడుల లెక్కలో మాత్రమే భేదమున్న రెండు ‘న’కారాలను కూడా జాగ్రత్తగా చూడాలి. ఒక్క సుడి మారితే మనస్సు అన్న మాట సువాసన అన్న మాటగా మారిపోతుంది. కాగితాన్ని చదునుగా పరచి, వెలుతురు మెరవకుండా, పైనుండి నిటారుగా ఫొటో తీస్తే ఇట్టి పొరపాట్లు చాలావరకు తగ్గుతాయి.

మొదటి సూచన అన్నిటికన్నా మోసకరమైనది. ‘ఎవ్రీ అదర్ డే’ అనగా రోజు విడిచి రోజు. యంత్రం దానిని మాటకు మాటగా ‘ప్రతి ఇతర రోజు’ అని మార్చింది. తిరిగి ఆంగ్లంలోనికి మార్చగా అక్షరం పొల్లుపోకుండా ‘ఎవ్రీ అదర్ డే’ అనే వచ్చింది. పరీక్షలో పూర్తి మార్కులు వచ్చినట్లే! కాని ‘ప్రతి ఇతర రోజు’ అన్న మాట ఏ తెలుగు ఇంటా వినబడదు. బామ్మగారు అందులో ‘ప్రతి రోజు’ అన్నదే పట్టుకొని దినదినమూ మాత్ర ఇవ్వగలరు. మాటకు మాట మార్చిన అనువాదం వెళ్ళిన దారినే తిరిగి వస్తుంది కనుక దాని తప్పు దాగిపోతుంది. మరోవైపు, మనుమరాలు దానిని ‘రోజు విడిచి రోజు’ అని సరిదిద్ది మళ్ళీ మార్చగా, ఆంగ్లంలో రోజును వదలిపెట్టడమనే వింత వాక్యం రావచ్చు. అక్కడ తెలుగు సరియైనదే. తప్పింది తిరుగు ప్రయాణం. అందుచేత తేడా కనబడగానే తెలుగు తప్పని తీర్మానించరాదు. తేడా లేనంత మాత్రాన సరియైనదనీ నమ్మరాదు. తేడా వచ్చిన చోట ఆగి తెలుగు వాక్యాన్ని విడిగా చదివి, దానిని బట్టి ఇంటివారు ఏమి చేస్తారో అడగాలి. ఆ చేసే పని మూలం కోరిన పని అయితే భేదం మాటలలోనిదే, కాకపోతే అర్థంలోనిది.

దీనికి ఒక ఉపాయం కలదు. వెళ్ళేటప్పుడు ఒక అనువాద సాధనాన్ని, తిరిగి వచ్చేటప్పుడు మరొక దానిని వాడితే, ఒకే యంత్రం తన అలవాటుతో తన తప్పును తానే కప్పిపుచ్చుకొనే అవకాశం తగ్గుతుంది. అంతకన్నా మేలైనది మనిషి. చీటీని చూడని ఒక విద్యార్థికి తెలుగు అనువాదం ఒక్కటే ఇచ్చి, ‘ఇందులో ఏమి చేయమన్నారో నీ మాటల్లో చెప్పు’ అనాలి. ‘ప్రతి ఇతర రోజు అంటే ఏమిటండీ?’ అని ఆ పిల్లవాడు అడిగిన క్షణాన, యంత్రానికి దొరకని తప్పు దొరికినట్లే.

ఇంకొక పరిమితిని కూడా గుర్తుంచుకోవాలి. తెలుగులో మనము, మేము వేరు. తమిళంలోనూ నామ్, నాంగళ్ వేరు. ఆంగ్లంలో రెండింటికీ ఒకే మాట. ఆంగ్లాన్ని మధ్యవర్తిగా చేసికొని సాగే అనువాదంలో తమిళ ప్రకటనలోని ‘మేము చెల్లిస్తాము’ అన్నది ‘మనము చెల్లిస్తాము’గా మారవచ్చు. చదివేవాడు డబ్బు తానూ కట్టాలనుకొంటాడు. తిరుగు ప్రయాణం కూడా ఆ వంతెన మీదుగానే సాగితే, ఆ తేడా పైకి తేలుతుందన్న హామీ లేదు. ఇట్టి చోట రెండు భాషలూ తెలిసిన పొరుగువారిని అడగడమే దారి.

బామ్మగారి చీటీ విషయంలో చివరి మెట్టు మందుల దుకాణం. మనుమరాలు తాను సరిదిద్దిన మూడు తెలుగు వాక్యాలను, అసలు కాగితాన్ని కలిపి అక్కడి ఫార్మసిస్టుకు చూపింది. అతడు కాగితంలోని 2.5ను వేలితో చూపించి, సీసాతో వచ్చిన కొలపాత్ర మీద ఆ గీతను గుర్తుపెట్టి ఇచ్చాడు. మందు మొదటి మోతాదు ఆ తరువాతనే పోశారు.