ప్రాక్టీసు కుదిరేదాకా ఒక పని: పాత ఉర్దూ దస్తావేజులు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో వకీళ్లు అయిన పిల్లలున్నారు, ఆర్కిటెక్టులు అయిన పిల్లలున్నారు. కోటు కుట్టించాం, బోర్డు పెట్టించాం. కాని మొదటి మూడు నాలుగేళ్లు కేసులు రావు, ఇంటి కిరాయి మాత్రం నెలనెలా వస్తుంది. అప్పుడు పక్కన ఏం చేసుకోవాలి అన్నదే ఈ రోజు నా విషయం. నేను వకీలును కాను, ఉర్దూ మీడియం బడి పంతులును. నా చేతిమీదుగా జరిగిన ఒక సంగతే చెప్తాను.

నా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక కుర్రవాడు లా పాసై, ఒక సీనియరు దగ్గర జూనియరుగా చేరాడు. రెండేళ్లయినా చేతికి వచ్చేది దారి ఖర్చులకే సరిపోయేది. ఒకనాడు వచ్చి, "సార్, బజారులో మొబైల్ షాపు పెట్టుకుంటాను, పొద్దున కోర్టు, సాయంత్రం షాపు" అన్నాడు. నేను తెలిసిన ఒక పెద్ద వకీలు గారిని అడిగాను. ఆయన చెప్పింది ఇది. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం వకీలు స్వయంగా వ్యాపారం నడపరాదు. నెల జీతానికి పూర్తికాలం ఉద్యోగమూ చేయరాదు. తండ్రి దుకాణం వారసత్వంగా వస్తే వాటా ఉంచుకోవచ్చు గాని, గల్లాపెట్టె దగ్గర కూర్చుని నడపకూడదు. డాక్టరుగా ప్రాక్టీసు చేస్తూనే వకీలుగా నమోదు కావాలన్న ఒకరికి 1996లో సుప్రీంకోర్టు కూడా కుదరదనే చెప్పింది. పాఠాలు చెప్పడం, పరీక్ష పేపర్లు దిద్దడం, పత్రికలకు రాయడం లాంటివి చేసుకోవచ్చు. లా కాలేజీలో రోజుకు మూడు గంటలకు మించకుండా బోధించవచ్చు. ఇంకేదైనా పార్ట్‌టైమ్ ఉద్యోగం చేయాలంటే ముందుగా రాష్ట్ర బార్ కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి.

ఆర్కిటెక్టు పిల్లలకూ ఒక మాట. సిమెంటు షాపు, టైల్స్ షాపు వాళ్లు ఇచ్చే కమీషన్ సులువుగా వచ్చే డబ్బులా కనపడుతుంది. 1989 నాటి వృత్తి నియమాలు దాన్ని నిషేధించాయి. దాని జోలికి పోవద్దు.

ఇక మన కుర్రవాడి సంగతి. షాపు మాట విని దిగులుగా కూర్చున్నాడు. నేను, "బాబూ, నీకు ఉర్దూ వచ్చు కదా, మీ కోర్టులో ఉర్దూ కాగితాలు ఎవరు చదువుతున్నారు?" అని అడిగాను. తెలంగాణలో నిజాం కాలపు బైనామాలు, తక్సీంనామాలు, హిబానామాలు చాలా వరకు ఉర్దూలోనే ఉన్నాయి. భూమి అమ్మాలన్నా, బ్యాంకు అప్పు కావాలన్నా, అన్నదమ్ముల పంపకం కోర్టుకెక్కినా ఆ కాగితం బయటకు వస్తుంది. చదివే ముసలివాళ్లు తగ్గిపోయారు. వారం తిరక్కముందే ఒక సీనియరు వకీలు గారి దగ్గర నుంచి ఆరు పేజీల బైనామా నకలు తెచ్చాడు. పేజీకి మూడు వందల చొప్పున మాట్లాడుకున్నాడు.

ఇద్దరం కూర్చున్నాం. మొదటి పేజీకే రెండు సాయంత్రాలు పట్టింది. బడిలో నేర్పే నస్తాలీఖ్ వేరు, ఆ కాలపు మున్షీ రాసిన షికస్తా వేరు. షికస్తాలో చుక్కలు పెట్టరు, విడిగా ఉండాల్సిన అక్షరాలు కలిపేస్తారు. అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు తెలుగు చేయకూడదు. ఒక్కో వరుసను అదే వరుసగా శుభ్రమైన ఉర్దూలో ఎత్తి రాయాలి. అదే మున్షీ చేతి "వల్ద్" అనే మాట ఒకచోట తెలిస్తే పది చోట్ల తెలుస్తుంది. ఎంతకీ అందని మాట దగ్గర "చదవరాలేదు" అని రాయాలి. ఊహించి నింపితే ఒకరి పొలం ఇంకొకరిదైపోతుంది. అంకెలు కొన్నిచోట్ల రఖమ్ లిపిలో ఉంటాయి, అది మామూలు అంకెల్లా ఉండదు. పక్కన మాటల్లో రాసిన మొత్తంతో పోల్చి చూడాలి. రెండూ కలవకపోతే రెండూ రాయాలి, మనం దిద్దకూడదు.

కుర్రవాడు మొదటిసారి తప్పు చేసింది తారీఖు దగ్గర. ఆ బైనామా 1350 ఫస్లీ, అమర్దాద్ నెలది. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని ఎవరో చెప్పగా 1940 అని రాశాడు. జతగా ఉన్న పాత కాగితం చూస్తే, అమ్మినాయన ఆ భూమిని కొన్నది 1941 జనవరిలో. అంటే కొనకముందే అమ్మినట్టు తేలింది! బ్యాంకు వకీలు ఫైలు తిప్పి పంపాడు. అసలు సంగతి ఏమిటంటే, నిజాం రాజ్యంలో ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఆజూర్, దై, బహ్మన్ నెలలకు 590 కలపాలి. జనవరి నుంచి, అంటే ఇస్ఫందార్ మొదలుకొని 591 కలపాలి. అమర్దాద్ జూన్ ప్రాంతం. కాబట్టి అది 1941. కొనడం ముందు, అమ్మడం వెనుక, వరుస సరిపోయింది. ఫైలు కదిలింది.

రెండో కాగితం దగ్గర తప్పింది ఇంకా పెద్ద ప్రమాదం. పై వరుస చివర "బై" అని ఉంది. అమ్మకమే అనుకుని వాడు ముందుకు పోబోయాడు. మడత పడి నలిగిన తరువాతి వరుసలో "బిల్ వఫా" అని ఉంది. బై ఖతయీ అంటే తిరుగులేని అమ్మకం. బై బిల్ వఫా అంటే డబ్బు తిరిగి కడితే భూమి తిరిగి ఇవ్వాలన్న షరతుతో రాసింది, తాకట్టు లాంటిది. ఒక్క మడత కింద ఒక కుటుంబం హక్కు దాగి ఉంది. అప్పటి నుంచి ఫోటో నకలుతో పని చేయడు. ఒకసారైనా అసలు కాగితాన్ని వెలుగులో పెట్టి చూస్తాడు.

ఈ పనికి హద్దులున్నాయి. కింద "నాకు రెండు భాషలూ తెలుసు, ఇది యథాతథ అనువాదం" అని రాసి సంతకం పెట్టిన వాడిని రేపు కోర్టు సాక్షిగా పిలవవచ్చు. సాక్షి కాబోయే కేసులో వకీలు వకాలత్ తీసుకోకూడదని నియమం. అందుకే వాడు తను అనువదించిన కాగితమున్న కేసు పట్టడు. కోర్టు ఆ అనువాదం చాలదని తన అనువాదకుడికి పంపినా పంపవచ్చు. ఆ మాట ముందే చెప్పి డబ్బు తీసుకోవాలి. బోర్డు కట్టి, మనుషుల్ని పెట్టి అనువాదాల దుకాణం తెరిస్తే అది మళ్లీ వ్యాపారం కిందికే వస్తుంది. తన బల్ల దగ్గర తన చేత్తో చేసినంతే మంచిది. పని కూడా ప్రతి నెలా ఒకేలా రాదు. ఒక నెల ఐదు కాగితాలు వస్తే, ఇంకో నెల ఒక్కటీ రాదు. వచ్చిన నెలలోనే రాని నెల కిరాయి పక్కన పెట్టుకోవాలి.

ఆ ఆరు పేజీలకు వాడికి పద్దెనిమిది వందలు వచ్చాయి. ఫైలు తిరిగొచ్చినందుకు రెండో సారి చేసిన పనికి డబ్బు అడగలేదు. అదే సీనియరు గారు ఆ తరువాత లింకు దస్తావేజులు కూడా వాడికే పంపారు, కొన్నాళ్లకు టైటిల్ వెదికే పని కూడా ఇచ్చారు. అది అచ్చంగా వకీలు పనే.

ఒక విన్నపంతో ముగిస్తాను. మీ ఇళ్లలో ఇనుప పెట్టెల అడుగున తాతల నాటి ఉర్దూ కాగితాలుంటాయి. వాటిని లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. టేపు కింద సిరా చెదిరిపోతుంది, మడత కింది మాట ఇక ఎవరికీ అందదు. చదవడం నేర్చుకుందామనుకునే వకీలు పిల్లలు ఆదివారం సాయంత్రం మా ఇంటికి రావచ్చు. షికస్తా రాసిన పాత కాగితం ఒకటి వెంట తెచ్చుకుంటే చాలు.

సెలవు.